పిల్లలతో అగ్గిపెట్టె, లైటర్ గురించి ఎలా మాట్లాడాలి? నిప్పు మీద వాళ్ల ఆసక్తిని ఎలా దారిలో పెట్టాలి?

మూడేళ్లు దాటిన పిల్లలు ఇంట్లో నిప్పు ఎక్కడెక్కడ వెలుగుతుందో మనకంటే బాగా గమనిస్తారు. పొద్దున దేవుడి గదిలో దీపం, ఆ తర్వాత స్టవ్, సాయంత్రం అగరబత్తి, కరెంట్ పోతే కొవ్వొత్తి. ఇన్నిసార్లు చూశాక ఆ చిన్న పుల్లలోంచి వెలుగు ఎలా వస్తుందో తనూ చేసి చూద్దామనిపించడంలో వింతేమీ లేదు, పిల్లాడు చెడిపోతున్నాడని దానర్థం కూడా కాదు. అసలు ప్రమాదం వేరే ఉంది. పిల్లలు ఈ పని మన కళ్లెదుట చేయరు. మంచం కిందో, బీరువా వెనకో, దుప్పట్లోనో చేస్తారు, అంటే ఇంట్లో త్వరగా అంటుకునే వస్తువులున్న చోటే. అంటుకున్నాక తిడతారన్న భయంతో పరిగెత్తుకొచ్చి చెప్పరు, అక్కడే దాక్కుంటారు. అందుకే మూడు నుంచి ఆరేళ్ల పిల్లలతో మాట్లాడేటప్పుడు మన లక్ష్యం భయపెట్టడం కాకూడదు, ఏం జరిగినా వచ్చి చెప్పేలా చేయడం కావాలి. ఈ కింద రాసినవన్నీ అందుకోసమే.

1. మాటకు ముందు వస్తువులు తీసేయండి

ఎంత బాగా చెప్పినా నాలుగేళ్ల బుర్ర చేతికందిన అగ్గిపెట్టె ముందు ఆగదు, కాబట్టి ముందు ఇల్లంతా ఒకసారి వెతకండి. స్టవ్ గట్టు, దేవుడి అర అందరికీ గుర్తొస్తాయి. గుర్తురానివి ఇన్వర్టర్ పక్కన కొవ్వొత్తులతో పెట్టిన పెట్టె, దోమల చక్రం స్టాండ్ దగ్గర వదిలేసినది, నాన్న చొక్కా జేబులో లైటర్, తాతయ్య బీడీ కట్టతో పాటు దిండు కింద ఉండేది. పైన పెట్టాం కదా అనుకోవద్దు, ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని ఎక్కడం వాళ్లకు రెండు నిమిషాల పని. గట్టి మూత ఉన్న స్టీల్ డబ్బాలో వేసి, తాళం పడే అరలో పెట్టండి. వాడిన వెంటనే మళ్లీ అందులోకే వెళ్లాలి.

లైటర్ విషయంలో ఇంకో మాట. పిల్లలు వెలిగించలేని లైటర్ అని కొన్ని అమ్ముతారు. అమెరికాలో 1994 నుంచి ఇలాంటి లైటర్లు తప్పనిసరి, అక్కడ పరీక్ష ఏంటంటే ఐదేళ్ల లోపు పిల్లల చేతికిస్తే కనీసం 85 శాతం మంది వెలిగించలేకపోవాలి. అంటే వందలో పదిహేను మంది దాకా వెలిగించినా ఆ లైటర్ పాసైనట్టే. కాబట్టి ఆ మాట చూసి ధీమాగా కింద వదిలేయకండి. కారు, తుపాకీ, బొమ్మ ఆకారంలో ఉండే లైటర్లను అసలు ఇంట్లోకే రానివ్వకండి. వంటింట్లో గ్యాస్ లైటర్‌కు మంట రాదు కదా, నిప్పురవ్వే కదా అని ఏడ్చే పిల్లాడికి ఆడుకోవడానికి ఇచ్చేవాళ్లున్నారు, అది కూడా ఆపేయాలి. టిక్ టిక్‌మనిపించడం ఆటగా అలవాటయ్యాక, స్టవ్ నాబ్ తిప్పి అక్కడ అదే ఆట ఆడటానికి ఎంతోసేపు పట్టదు.

2. పెద్దవాళ్లు మార్చుకోవాల్సిన ఒక అలవాటు

"నాన్నా, ఆ అగ్గిపెట్టె ఇలా పట్రా." ఈ మాట మన ఇళ్లలో రోజూ వినిపిస్తుంది. పూజకు కూర్చున్న నానమ్మ అడుగుతుంది, సిగరెట్ వెలిగించుకునే మామయ్య అడుగుతాడు, పిల్లాడు తెచ్చిస్తే "మా బంగారమే" అంటారు. ఒకవైపు ముట్టుకోవద్దంటూ ఇంకోవైపు తెస్తే మెచ్చుకుంటే, వాడికి అర్థమయ్యేది ఒక్కటే, మనవాళ్లు చూస్తున్నప్పుడు ముట్టుకోవచ్చు, చూడనప్పుడు కూడా పెద్ద తప్పేం కాదు. ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఈ ఒక్క మాట మానిపించగలిగితే మిగతా పని సగం తేలికవుతుంది. పెద్దవాళ్లకు చెప్పడం కష్టమే, నాకు తెలుసు. "అత్తయ్యా, వాడు ఈమధ్య ప్రతిదీ చేసి చూస్తున్నాడు, కొన్నాళ్లు అగ్గిపెట్టె వాడితో తెప్పించకండి, నేనే ఇస్తాను" అంటే ఎవరూ నొచ్చుకోరు.

3. మొదటి మాట ఎలా మొదలుపెట్టాలి

వంట హడావిడిలోనో, పిల్లాడు తప్పు చేసి దొరికినప్పుడో కాదు, అన్నం తిన్నాక తీరిగ్గా కూర్చున్నప్పుడు చెప్పండి. రెండు నిమిషాలు చాలు. మాటలు దాదాపు ఇలా ఉంటే బాగుంటుంది: "అగ్గిపెట్టె, లైటర్ పెద్దవాళ్ల పనిముట్లు. కత్తిపీట లాంటివే. బొమ్మలు కావు. చిన్న మంట కూడా చాలా తొందరగా పెద్దదైపోతుంది, అప్పుడు అమ్మ కూడా ఆపలేదు. నీకు ఎక్కడైనా కనిపిస్తే ముట్టుకోకు, వచ్చి నాకు చెప్పు. చెబితే నేను తిట్టను."

చివరి వాక్యం వదిలేయకండి, మొత్తం మాటల్లో అదే ముఖ్యం. చెప్పాక దాన్ని నిలబెట్టుకోవడం ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఒక్కసారి వచ్చి చెప్పినప్పుడు "అక్కడికెందుకెళ్లావ్" అని గద్దించారంటే రెండోసారి రాడు.

కాలిన ఒంటి ఫొటోలు, వీడియోలు చూపించొద్దు. ఆ భయంతో రాత్రి నిద్రలో ఉలిక్కిపడతారు తప్ప అగ్గిపెట్టె చూస్తే ఏం చేయాలో నేర్చుకోరు. "మరి దేవుడి దీపం మంచిదే కదమ్మా?" అని తప్పకుండా అడుగుతారు. అవును, మంచిదే అని నిజమే చెప్పండి, దాన్ని పెద్దవాళ్లే వెలిగిస్తారని చెప్పి వాడికి ఇంకో పని ఇవ్వండి. పువ్వులు పెట్టడం, వెలిగించకముందు ఒత్తులు సర్దడం, దూరంగా నిలబడి గంట కొట్టడం. పూజలో తన వంతు తనకుంటే మంట జోలికి రావాలన్న తహతహ తగ్గుతుంది.

4. ఖాళీ పెట్టెతో ప్రాక్టీస్

ఈ వయసు పిల్లలు చెప్పింది చిలకలా ఒప్పజెప్పేస్తారు, కానీ అసలు సమయానికి చేయి ముందుకు పోతుంది. అందుకని చేయించి చూడాలి. ఒక ఖాళీ అగ్గిపెట్టె తీసుకోండి, లోపల ఒక్క పుల్ల కూడా లేకుండా చూసుకోండి, పక్కన గరుకు పట్టీని కూడా కాగితం అంటించి కప్పేయండి. పిల్లాడికి ముందే చెప్పి, వాడి ముందే దాన్ని సోఫా మీద పెట్టండి. వాడు మూడు పనులు చేయాలి: చేతులు వెనక్కి పెట్టుకోవడం, రెండడుగులు వెనక్కి వేయడం, "అమ్మా, అగ్గిపెట్టె!" అని గట్టిగా పిలవడం.

పెట్టె తీసి మీకు తెచ్చివ్వమని మాత్రం అనకండి. తెచ్చివ్వడం అంటే ముట్టుకోవడమే.

బాగా వచ్చాక ప్రశ్నలు మార్చండి. అమ్మమ్మ వాళ్లింట్లో కనిపిస్తే? పక్కింటి అన్నయ్య "రా, చూపిస్తా" అంటే? పార్కులో బెంచీ కింద దొరికితే? ఒక్కో ప్రశ్నకూ నోటితో జవాబు చెప్పించి ఊరుకోకుండా లేచి చేసి చూపించమనండి. రెండు వారాలకోసారి ఆటలా ఒకసారి చేస్తే గుర్తుంటుంది. దీపావళి, భోగి ముందు తప్పకుండా చేయించండి, ఆ రోజుల్లో అగ్గిపెట్టెలు వాకిట్లోనే పడి ఉంటాయి.

"ఒక్కసారి మన ఎదురుగా గీయనిస్తే మోజు తీరిపోతుంది" అని కొందరు సలహా ఇస్తారు. ఈ వయసులో అలా చేయొద్దు. మోజు తీరడం అటుంచి, గీయడం వచ్చేస్తుంది.

5. కాలిన పుల్లలు దొరికితే

ఒక నాలుగున్నరేళ్ల పిల్లాడి మంచం కింద మూడు కాలిన పుల్లలు, అంచు నల్లబడిన కాగితం ముక్క దొరికాయనుకుందాం. ముందు పెట్టె తీసుకోండి, పిల్లాడి చేతులు, బట్టలు చూడండి, తర్వాత పరుపు అంచులు తడిమి చూడండి. దూది పరుపులో పడ్డ నిప్పురవ్వ మంట లేకుండా లోపలే గంటల తరబడి రాజుకుంటుంది. వేడిగా తగిలినా, పొగ వాసన వచ్చినా ఇంట్లోవాళ్లంతా బయటికొచ్చి 101కో 112కో ఫోన్ చేయండి.

అంతా చల్లగా ఉందని తేలాక మాట్లాడండి. "ఎందుకు చేశావ్?" అని అడిగితే "ఏమో" తప్ప ఇంకేం రాదు. ఏం జరిగిందో అడగండి.

"ఈ పెట్టె ఎక్కడ దొరికింది నాన్నా?"

"తాతయ్య దిండు కింద."

"ఎవరున్నారు అప్పుడు?"

"నేనొక్కణ్ణే."

"మంట వచ్చాక ఏం చేశావు?"

"కాగితం అంటుకుంది... కాలుతో తొక్కా. అమ్మా, కొడతావా?"

"కొట్టను. చెప్పావు కదా, మంచి పని చేశావు."

ఈ మూడు జవాబుల్లో మీకు కావాల్సింది వచ్చేసింది. పెట్టె ఎక్కడిదో తెలిసింది, ఒంటరిగా చేశాడని తెలిసింది, మంట ఎంతవరకు వెళ్లిందో తెలిసింది. ఇప్పుడు ఆ నల్ల కాగితం చూపించి "ఇది దుప్పటి అయ్యుంటే?" అని ఒక్క మాట అనండి, చల్లారిన బూడిద మీతో కలిసి తుడిపించండి, ఖాళీ పెట్టె ప్రాక్టీస్ మళ్లీ చేయించండి. ఆ రోజే తాతయ్య పెట్టె కూడా స్టీల్ డబ్బాలోకి చేరాలి. వాత పెడితే బుద్ధొస్తుందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అది పసివాడి ఒళ్లు కాల్చడం, దానివల్ల వాడు మానడు, ఇంకా లోతుగా దాచడం నేర్చుకుంటాడు.

6. జరిగిపోతే ఏం చేయాలో వాడికీ తెలియాలి

మంట కనిపిస్తే దాక్కోకూడదు, బయటికి పరిగెత్తి పెద్దవాళ్లను పిలవాలి. బట్టలకు అంటుకుంటే మాత్రం పరిగెత్తకూడదు, ఆగి, కింద పడుకుని, మొహం చేతులతో కప్పుకుని దొర్లాలి. ఈ రెండింటికీ తేడా పిల్లలకు తికమకగా ఉంటుంది, అందుకని రెండూ వేర్వేరు రోజుల్లో చాప మీద ఆడించండి. ఒళ్లు కాలితే కాలిన చోట మామూలు కుళాయి నీళ్లు 20 నిమిషాలు ధారగా పోయాలి. ఐస్, టూత్‌పేస్ట్, పసుపు, సిరా ఏవీ పూయొద్దు. మొహం, చేతులు కాలినా, బొబ్బలు వచ్చినా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

7. ఇది ఆసక్తి కాదేమో అనిపిస్తే

అగ్గిపెట్టెలన్నీ దాచేసి, నెమ్మదిగా చెప్పి, ప్రాక్టీస్ చేయించాక కూడా పిల్లాడు వెతికి మరీ తెచ్చుకుంటున్నాడా? పుల్లలు పోగేసి దాస్తున్నాడా? కోపం వచ్చినప్పుడు చెల్లెలి బొమ్మో, ఎవరి పుస్తకమో కాలుస్తున్నాడా? జంతువుల మీదకు నిప్పు తీసుకెళ్తున్నాడా? అయితే ఇది కుతూహలం దాటిపోయింది. తిట్లు, దెబ్బలు దీన్ని ఆపవు. ఇంట్లో గొడవలు, బడిలో ఏడిపించడం, ఎవరైనా బాధపెట్టడం లాంటి కారణాలు వెనక ఉండొచ్చు. మీ పిల్లల డాక్టర్‌కు జరిగింది జరిగినట్టు చెప్పి చైల్డ్ సైకాలజిస్ట్ దగ్గరికి పంపమని అడగండి. ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయొచ్చు, డబ్బులేమీ కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. ఫోన్ చేసే ముందు ఎప్పుడెప్పుడు కాల్చాడు, ఏం కాల్చాడు, అంతకుముందు ఇంట్లో ఏం జరిగింది అన్నవి ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే అవతలివాళ్లకు త్వరగా అర్థమవుతుంది.