చూపు తగ్గుతున్న ఉద్యోగికి ఆఫీసులో సర్దుబాట్లు చేయడం ఎలా?

విజయవాడలో ఓ కంపెనీ అకౌంట్స్ సెక్షన్ అనుకుందాం. అక్కడ పనిచేసే ఒకావిడకు రెటినైటిస్ పిగ్మెంటోసా ఉంది. ఈ జబ్బులో సాధారణంగా మొదట రేచీకటి వస్తుంది, తర్వాత పక్కచూపు మెల్లగా తగ్గిపోయి ఎదురుగా ఉన్న కాస్త మేరే కనిపిస్తుంది. ఆ కాస్తలో అక్షరాలు బాగానే చదవగలిగే వాళ్లూ ఉంటారు. బిల్లుల్లో తప్పులు వస్తున్నాయని మేనేజర్ గమనించాడు. ఇప్పుడేం చేయాలి?

1. ముందు మాట్లాడండి, ఏదీ కొనకండి

చాలా ఆఫీసుల్లో మొదట జరిగేది పెద్ద మానిటర్ తెప్పించడం. చూపు తక్కువ కదా, అక్షరాలు పెద్దవి చేస్తే సరిపోతుందని అనుకుంటారు. ఈవిడ విషయంలో అది పనిని ఇంకా కష్టం చేస్తుంది. అక్షరం పెరిగేకొద్దీ, కనిపించే ఆ కాస్త మేరలో పట్టే అంకెలు తగ్గుతాయి. ఒక వరుస చదవడానికి తల అటూ ఇటూ తిప్పుతూనే ఉండాలి.

అందుకే విడిగా, తలుపు వేసిన గదిలో, అరగంట కూర్చోండి. ఏం మాట్లాడబోతున్నారో ముందురోజే చెప్పండి, లేకపోతే ఉద్యోగం పోతుందేమోనని ఆవిడకు రాత్రంతా టెన్షన్. "మీ జబ్బు ఏ స్టేజీలో ఉంది?" అని అడగొద్దు. "పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏ పని దగ్గర ఆగిపోతున్నారండీ?" అని అడగండి. సర్టిఫికెట్‌లో వైకల్యం శాతం ఉంటుంది గానీ, ఏ బిల్లు దగ్గర ఇబ్బందో ఉండదు.

ఆవిడ ఇలా చెప్పారనుకోండి: "సార్, కిటికీ వెలుతురు స్క్రీన్ మీద పడితే ఏమీ కనిపించదు. కార్బన్ కాపీ బిల్లులు మసకగా ఉంటాయి. సాయంత్రం ఆరు దాటాక బస్టాపు దాకా నడవాలంటే భయం." అంటే తప్పులకు కారణం ఒక్కటి కాదు. మూడో విషయం బిల్లులకు సంబంధించిందే కాదు, అయినా రోజూ మధ్యాహ్నం నుంచే ఆవిడ మనసులో మెదులుతుంది.

2. ఒప్పుకున్నది కాగితం మీద పెట్టండి

ఈ కేసులో మార్పులు ఇలా ఉండొచ్చు. సీటు కిటికీకి ఎదురుగానో వీపుగానో కాకుండా పక్కకు తిప్పుతారు. స్క్రీన్‌ను నల్ల బ్యాక్‌గ్రౌండ్, తెల్ల అక్షరాలకు మారుస్తారు, మౌస్ బాణం సైజు పెంచుతారు. అక్షరం సైజు ఎంత ఉండాలో ఆవిడే తేల్చుకుంటారు. ఇవన్నీ విండోస్‌లో ఉన్నవే, రూపాయి ఖర్చు లేదు. మసక బిల్లుల బదులు సప్లయర్ల దగ్గర నుంచి పీడీఎఫ్ తెప్పిస్తారు. డ్యూటీ తొమ్మిదిన్నర నుంచి ఆరు బదులు ఎనిమిదిన్నర నుంచి అయిదు. మెట్ల అంచులకు పసుపు టేపు వేస్తారు, అది అందరికీ పనికొచ్చేదే.

ప్రతి మార్పు ఎదురుగా ఎవరు చేయాలి, ఏ తేదీకి అని రాయండి. తోటివాళ్లకు ఏం చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో ఆవిడనే అడిగి అదీ రాయండి. టైమింగ్ మారిందని చెబితే చాలు, జబ్బు పేరు ఎవరికీ అక్కర్లేదు.

ఇక్కడ ఒక మొహమాటపు మంచితనం గురించి చెప్పాలి. "పాపం, బిల్లులు వద్దులే, ఫోన్లు ఎత్తనివ్వండి" అనడం. ఆవిడ అడగని ఈ మార్పు వల్ల ఆవిడ నేర్చిన పని, ప్రమోషన్ దారి రెండూ పోతాయి. పని తీసేయడం చిట్టచివర, ఆవిడ ఒప్పుకుంటేనే.

చట్టం సంగతి క్లుప్తంగా: 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం సహేతుకమైన సర్దుబాటును నిరాకరించడం కూడా వివక్ష కిందకే వస్తుంది. సంస్థ మీద మోయలేని భారం పడే మార్పును మాత్రం అది కోరదు. ప్రభుత్వ సంస్థల మీద బాధ్యత మరింత స్పష్టం: సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిందని ఉద్యోగిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు.

3. నెలకోసారి, తర్వాత ఆర్నెల్లకోసారి చూడండి

మొదటి రివ్యూ తేదీ ఒప్పుకున్న రోజే వేసుకోండి. దాన్ని అప్రైజల్‌తో కలపకండి, కలిపితే "అంతా బాగానే ఉంది సార్" అన్న జవాబు తప్ప ఏమీ రాదు. "ఎలా ఉంది?" అని కాకుండా కాగితం తీసి ఒక్కో మార్పునూ అడగండి.

మన కేసులో నెల తర్వాత ఏం తేలొచ్చు? స్క్రీన్ రంగులు పనిచేశాయి. పీడీఎఫ్‌లు ముగ్గురు సప్లయర్లు పంపలేదు, ఆ బిల్లుల్లోనే మళ్లీ తప్పులు. అంటే గుర్తు చేయాల్సింది ఆవిడకు కాదు, కొనుగోళ్ల సెక్షన్‌కు. అయిదింటికి వెళ్లడం మామూలు రోజుల్లో కుదిరింది గానీ, నెలాఖరున అందరూ ఎనిమిది దాకా కూర్చుంటే ఆవిడా ఉండిపోయారు. ఆ మూడు నాలుగు రోజులకు ఇంటి నుంచి పనో, ఆఫీసు కారో అని కొత్త లైన్ రాస్తారు.

ఈ జబ్బులో చూపు తగ్గుతూ పోయే వీలుంది కాబట్టి ఆర్నెల్ల రివ్యూ వదలకూడదు. స్క్రీన్ మీద ఉన్నది పైకి చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌ను అవసరం రాకముందే, ఆవిడ సరేనంటే, నేర్పించడం మొదలుపెట్టండి. మీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లోని ప్రతి పేజీని అది చదువుతుందో లేదో ఆవిడతోనే పరీక్షించి చూడండి. నేర్చుకునే వారాల్లో టార్గెట్ తగ్గించి, ఆ తగ్గింపునూ కాగితం మీద పెట్టండి. మేనేజర్ మారితే, ఆవిడ అనుమతితో, ఆ కాగితం కొత్తాయనకు అందాలి. లేకపోతే కిటికీ దగ్గర నుంచి మొత్తం కథ ఆవిడ మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తుంది.