ఏడాది, రెండేళ్ల పిల్లలకు పారాసెటమాల్ సిరప్‌ను సిరంజితో కొలిచి పట్టడం ఎలా?

"జ్వరం వస్తే ఒక స్పూను పట్టండి" అని డాక్టరు చెబితే, ఆయన లెక్కలో స్పూను అంటే 5 ఎంఎల్. మన వంటింటి స్పూన్లు ఆ లెక్కకు చేసినవి కావు. ఒకరోజు సిరంజితో నీళ్లు కొలిచి మా ఇంట్లో స్పూన్లలో పోసి చూశాను. పంచదార డబ్బాలో ఉండే స్పూను 3 ఎంఎల్‌కే నిండింది. ఉప్మా తినే స్పూను 8 దాకా పట్టింది. పైగా సిరప్ నీళ్లలా పారదు. చిక్కగా అంచు మీద ఉబ్బి నిలుస్తుంది, కొంత స్పూనుకే అంటుకుంటుంది. పిల్ల తల తిప్పిందంటే మిగతాది గౌను మీద. లోపలికి ఎంత పోయిందో ఇక చెప్పలేం.

అందుకే సిరంజి. మెడికల్ షాపులో నోటి ద్వారా మందు పట్టే సిరంజి అని అడగండి. సూది ఎక్కించడానికి వీల్లేని మూతి ఉంటుంది దానికి. అది దొరక్కపోతే చాలామంది మామూలు 5 ఎంఎల్ సిరంజి కొని సూది తీసేసి వాడతారు. అలా వాడితే సూదిని, దాని మీది చిన్న ప్లాస్టిక్ మూతను ఇంటికి తీసుకురాకుండా షాపులోనే వదిలేయండి. ఆ మూత పిల్ల గొంతులో ఇరుక్కునేంత సైజులో ఉంటుంది.

ముందు సీసా మీద రాసింది చదవండి

అసలు పొరపాటు ఎక్కువగా జరిగేది ఇక్కడే. పారాసెటమాల్ సిరప్‌లన్నీ ఒకే బలంతో ఉండవు. మన దగ్గర కొన్ని సీసాల్లో 5 ఎంఎల్‌కు 120 లేదా 125 ఎంజీ మందు ఉంటుంది. పేరు చివర డీఎస్ అని ఉన్నవాటిలో మామూలుగా అదే 5 ఎంఎల్‌కు 250 ఎంజీ, అంటే రెట్టింపు. చంటిపిల్లల డ్రాప్స్ ఇంకా గాఢం, సాధారణంగా ఒక్క ఎంఎల్‌లోనే 100 ఎంజీ ఉంటుంది. కాబట్టి "పోయినసారి 5 ఎంఎల్ పట్టాం కదా" అన్న జ్ఞాపకం, సీసా మారితే పనికిరాదు.

ఒక లెక్క చూద్దాం. పాప బరువు 10 కిలోలు. పిల్లలకు ఒక్కసారికి కిలోకు 10 నుంచి 15 ఎంజీ అన్నది వాడుకలో ఉన్న మోతాదు. అంటే ఈ పాపకు 100 నుంచి 150 ఎంజీ. డాక్టరు 125 ఎంజీ పట్టమన్నారనుకుందాం. 125 సిరప్ అయితే 5 ఎంఎల్. 250 సిరప్ అయితే 2.5 ఎంఎల్. డ్రాప్స్ అయితే 1.25 ఎంఎల్, అంతే. ఇప్పుడు 250 సీసా చేతిలో పెట్టుకుని పాత అలవాటుగా 5 ఎంఎల్ పట్టేస్తే ఒక్కసారికే 250 ఎంజీ పోయినట్టు. డ్రాప్స్ సీసాలోంచి 5 ఎంఎల్ లాగితే 500 ఎంజీ, పెద్దవాళ్లు వేసుకునే ఒక బిళ్లంత. ఎంఎల్ అంకె ఎవరు చెప్పినా "ఏ సిరప్‌కి?" అని తిరిగి అడగండి. బరువు కూడా అందాజుగా కాదు, ఈ మధ్య తూచిందే చెప్పండి.

సిరంజిలోకి తీయడం

సీసాను బాగా ఊపండి, పది అంకెలు లెక్కపెట్టేదాకా. ఇవి చాలావరకు మందు పొడి తేలుతూ ఉండే ద్రవాలు. కదపకుండా ఉంచితే మందు అడుక్కి చేరుతుంది. ఊపకుండా వాడితే మొదట్లో నీరసమైన మందు, సీసా చివర్లో ఘాటైన మందు పడుతుంది.

సిరంజి సీసా మూతిలో సరిగ్గా కూర్చుంటే నేరుగా లాగొచ్చు. లేకపోతే కాస్త మందు కొలత మూతలోకి వంచి అందులోంచి తీయండి. మిగిలింది తిరిగి సీసాలో పోయకండి. చిక్కటి మందు కాబట్టి మెల్లగా లాగాలి, గబుక్కున లాగితే గాలి వచ్చేస్తుంది. కావలసినదానికన్నా కొంచెం ఎక్కువే తీసి, మూతి పైకి పట్టి, గోటితో రెండు దెబ్బలు కొట్టండి. బుడగలు పైకి వస్తాయి. వాటిని బయటికి తోసి, ఎక్కువైన మందును కూడా గీత దాకా తోసేయండి. ఆవగింజంత బుడగ మిగిలితే ఫర్వాలేదు. శనగగింజంత ఉంటే అంత మందు తగ్గినట్టే.

గీత చదవడంలో చిన్న మెలిక ఉంది. లోపలి నల్ల రబ్బరుకు పైన ఒక అంచు, కింద ఒక అంచు ఉంటాయి. మందును తాకుతున్న పై అంచు ఏ గీత దగ్గరుందో అదే కొలత. రబ్బరు కొస మొనదేలి ఉంటే ఆ మొనను కాదు, గొట్టం గోడకు ఆనుకున్న అంచునే చూడాలి. కంటికి ఎదురుగా పట్టుకుని చూడండి. మామూలు 5 ఎంఎల్ సిరంజిలో ఒక్కో చిన్న గీత 0.2 ఎంఎల్. అందుకే 2.5 అని రాసి కనబడదు. 2.4, 2.6 గీతల మధ్యలో ఆపాలి. వెంట్రుకవాసి అటూ ఇటూ అయితే కంగారు పడకండి, 250 సిరప్‌లో 0.1 ఎంఎల్ అంటే 5 ఎంజీనే.

పిల్లకు పట్టడం

పడుకోబెట్టి పట్టకూడదు. ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకోండి. సిరంజి మూతిని పెదవి పక్కనుంచి చెంప లోపలివైపుకు పెట్టి, అర ఎంఎల్ తోసి ఆగండి. గుటక వేసింది చూసుకుని మళ్లీ అర. గొంతులోకి సూటిగా చిమ్మితే పొలమారుతుంది. ముక్కు మూసి మింగించడం, ఏడుస్తున్నప్పుడు నోట్లో పోయడం మా అమ్మమ్మల కాలంలో ఉగ్గుగిన్నెతో చేసేవాళ్లు. అది మానండి. మందు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది. మందును పాలసీసాలో కలిపితే పిల్ల సగం తాగి వదిలేస్తుంది, మళ్లీ కొలత పోయినట్టే.

కొంచెం ఉమ్మేస్తే అందాజుగా ఇంకాస్త పట్టకండి, వచ్చే డోసు దాకా ఆగండి. పట్టిన అరగంటలోపు మొత్తం కక్కుకుంటే మళ్లీ పట్టాలా వద్దా అన్నది డాక్టరుకు ఫోన్ చేసి అడగండి.

రెండు డోసుల మధ్య కనీసం నాలుగు గంటలు ఉండాలి. మన డాక్టర్లు ఎక్కువగా ఆరు గంటలంటారు. 24 గంటల్లో నాలుగు డోసులు మించకూడదు. జలుబు సిరప్‌ల్లోనూ పారాసెటమాల్ కలిపి ఉంటుంది, ఆ సీసా కూడా తిప్పి చదవండి. ఎక్కువ పోయిందని తెలిస్తే పిల్ల ఆడుకుంటూనే ఉందని ఆగొద్దు. లివర్ దెబ్బతింటున్నా మొదటిరోజు పైకి ఏమీ కనబడకపోవచ్చు. దీనికి విరుగుడు మందు ఉంది, అది మొదటి ఎనిమిది గంటల్లో బాగా పనిచేస్తుంది. సీసా చేతిలో పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

పని అయ్యాక సిరంజిని విడదీసి సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. గీతలు చెరిగిపోతే పారేయండి. మా ఇంట్లో ఒక రాత్రి నేను మందు పట్టి పడుకున్నాను. గంట తర్వాత పాప ఏడిస్తే వాళ్ల నానమ్మ లేచి, ఎవరూ పట్టలేదనుకుని సిరంజి నింపారు. చప్పుడుకు మెలకువ వచ్చి ఆపాను. అప్పటినుంచి సీసాకు రబ్బరు బ్యాండుతో ఒక చీటీ కట్టి ఉంచుతున్నాం. దాని మీద మొదటి వరుస: "రాత్రి 2:10, 2.5 ఎంఎల్, నానమ్మ."