తెలుగు శుభలేఖ ఫొటోను ఇంగ్లీషులోకి ఎలా అనువదించాలి?

ఆఫీసులో తెలుగు రాని స్నేహితులకో, విదేశంలో పుట్టి పెరిగిన మేనకోడలికో శుభలేఖ ఇంగ్లీషులో పంపాల్సి వస్తుంది. ఫొటోను నేరుగా అనువాద యాప్‌కి చూపిస్తే గుర్రం వారి ఇంటిపేరు ‘హార్స్’ అయినా ఆశ్చర్యపోనక్కర్లేదు. అందుకే ముందు కార్డులో ఉన్నదంతా తెలుగులోనే టైప్ చేసుకోండి.

బంగారు రంగు అక్షరాల మీద ఫ్లాష్ పడితే సగం మెరుపులో కలిసిపోతాయి. కార్డు మీ దగ్గరే ఉంటే కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా, ఒక్కో భాగాన్ని విడిగా ఫొటో తీయండి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో అయితే డాక్యుమెంట్‌గా మళ్లీ పంపమనండి, అక్షరాలు మసకబారవు. ప్రెస్ వాళ్లు పంపిన పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే తరచూ పిచ్చి గుర్తులు వస్తాయి. చాలా ప్రెస్‌లు ఇప్పటికీ యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లు వాడటమే దానికి కారణం. కాబట్టి కళ్లతో చదివి టైప్ చేసుకోవడమే నయం. వంపులు తిరిగిన అక్షరాల్లో ప, వ, ష ఒకేలా కనిపిస్తాయి. బ, భ కూడా అంతే. అనుమానం వచ్చిన అక్షరం అదే కార్డులో మరో తెలిసిన మాటలో ఎలా ఉందో చూస్తే చాలావరకు తేలిపోతుంది.

తర్వాత పేర్లు. వీటిని అనువదించకూడదు, ఇంగ్లీషు స్పెల్లింగ్ కూడా ఊహించకూడదు. పాస్‌పోర్టులో ఎలా ఉందో ఆ ఇంటివాళ్లనే అడగండి. చి., చి.ల.సౌ. లాంటివి ఇంగ్లీషులో వదిలేయవచ్చు. కీ.శే. మాత్రం వదలకూడదు. అది జారిపోతే కాలం చేసిన తాతగారు పెళ్లికి పిలుస్తున్నట్టు అవుతుంది. పౌత్రి అంటే కొడుకు కూతురు, దౌహిత్రి అంటే కూతురి కూతురు. ఇంగ్లీషులో రెండింటికీ ‘గ్రాండ్‌డాటర్’ చాలు. ఎవరి తరఫు తాతగారో మాత్రం స్పష్టంగా ఉండాలి.

అసలు టెన్షన్ ముహూర్తం దగ్గరే. కార్డులో ఇలా ఉందనుకుందాం: ‘స్వస్తిశ్రీ చాంద్రమాన విశ్వావసు నామ సంవత్సర వైశాఖ శుద్ధ ద్వాదశి, తేది 8-5-2025 గురువారం రాత్రి గం. 2.12 ని.లకు (తెల్లవారితే శుక్రవారం) హస్తా నక్షత్రయుక్త కుంభ లగ్నమందు’. మన లెక్కలో సూర్యోదయం దాకా గురువారమే. ఇంగ్లీషు క్యాలెండరులో అర్ధరాత్రికే తేదీ మారిపోతుంది. ఉన్నదున్నట్టు రాస్తే అతిథి గురువారం మధ్యాహ్నం రెండింటికి వస్తాడు, లేదా ఒక రోజు ముందుగా బుధవారం అర్ధరాత్రి దాటాక వస్తాడు. కాబట్టి 2025 మే 9, శుక్రవారం, వేకువజాము 2:12 అని ఇంగ్లీషులో రాసి, ‘మే 8 గురువారం రాత్రే మండపానికి చేరుకోండి’ అని ఇంకో వాక్యం కలపండి. నెలను అంకెలో వద్దు, పేరుతో రాయండి. 8-5 అంటే అమెరికాలో ఆగస్టు 5. వారం, తేదీ పొంతన కుదురుతున్నాయో క్యాలెండరులో చూసుకోండి. కుదరకపోతే అచ్చుతప్పు కావచ్చు, ఇంటివాళ్లకు ఫోన్ చేయాల్సిందే. తిథి, నక్షత్రం ఇంగ్లీషులోకి మారవు. పేర్లలాగే ఉంచి, పంచాంగం ప్రకారం నిర్ణయించిన సమయమని ఒక ముక్క చెబితే చాలు.

సుముహూర్తం అంటే పెళ్లి మొదలయ్యే టైమని కొత్తవాళ్లు అనుకుంటారు. అది వధూవరులు ఒకరి తలపై ఒకరు జీలకర్ర బెల్లం పెట్టే క్షణం. అంతకుముందే గౌరీపూజ వంటివి జరుగుతాయి, ఆ తర్వాత మాంగల్యధారణ, తలంబ్రాలు. అందుకే ఆ సమయానికి గంట ముందే రమ్మని రాయడం మంచిది. పైన ఉండే ‘జానక్యాః కమలామలాంజలిపుటే’ శ్లోకాన్ని మాటకు మాట మార్చనక్కర్లేదు. సీతమ్మ దోసిట్లో కెంపుల్లా, రాముడి తలపై మల్లెల్లా, ఆయన నీలి మేనిపై జారుతూ నీలాల్లా కనిపించిన తలంబ్రాల ముత్యాలు మీకు శుభమివ్వాలన్న భావం రెండు పంక్తుల్లో ఇస్తే ముచ్చటగా ఉంటుంది. ‘మదర్పిత చందన తాంబూలాది సత్కారములు గైకొని’ అన్నదాన్ని మా ఆతిథ్యం స్వీకరించమన్న మర్యాదగా మార్చండి. గంధం, ఆకులు, వక్కలు అని విడదీస్తే నవ్వులపాలవుతుంది.

వేదిక దగ్గర ‘వధువు స్వగృహమునందు’ అని మాత్రమే ఉంటే అతిథికి దారి తెలియదు. పూర్తి చిరునామా, పిన్‌కోడ్, మ్యాప్ లింకు అడిగి చేర్చండి. తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి అలవాటుకొద్దీ కార్డులో వేసిన పాత జిల్లా పేరు మ్యాప్‌తో సరిపోకపోవచ్చు. ‘బస్టాండ్ ఎదురుగా’ లాంటి గుర్తులను ఉంచండి, ఆటో ఎక్కాక పనికొచ్చేవి అవే. విందు వేరే చోట, వేరే రోజు ఉంటే ముహూర్తంతో కలపకుండా విడి పేరాగా రాయండి.