స్కాన్ చేసిన పాత ఫోటో మూలలో తేదీ అంకెలు: ఫ్రేము కత్తిరించి తొలగించే విధానం

సమస్య: స్కాన్ చేసిన ఫోటోలో కుడివైపు కింది మూలన నారింజ రంగు అంకెలు కనిపిస్తున్నాయి. ప్రింటును తుడిచి మళ్లీ స్కాన్ చేసినా, నెగెటివ్ నుంచి కొత్త ప్రింటు వేయించినా అవి పోవడం లేదు.

కారణం: ఆ అంకెలు కాగితం మీద పడినవి కావు. తేదీ సదుపాయం ఉన్న ఫిల్ము కెమెరాలలో వెనుక తలుపుకు అమర్చిన చిన్న దీపాలు, ఫోటో తీసే సమయంలోనే అంకెలను వెలుగు రూపంలో ఫిల్ముపై ముద్రించేవి. అందువల్ల అవి నెగెటివ్‌లోనే ఉంటాయి. వాటి కింద దాగిన దృశ్యాన్ని వెలికి తీయడం సాధ్యం కాదు. మూలలో ఇసుకో, గోడో, ఆకాశమో తప్ప ముఖ్యమైనదేమీ లేకపోతే, ఆ అంచును కత్తిరించడమే అన్నిటికంటే నిజాయితీగల మార్గమని నా అభిప్రాయం.

పరిష్కారం: విశాఖపట్నం ఆర్‌కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ముందు నిలబడిన ఒక కుటుంబం ఫోటోను ఉదాహరణగా తీసుకుందాం. 4×6 అంగుళాల అడ్డం ప్రింటును 600 డీపీఐలో స్కాన్ చేస్తే 3600 పిక్సెళ్ల వెడల్పు, 2400 పిక్సెళ్ల ఎత్తు వస్తాయి. ప్రింటు ఏమాత్రం వంకరగా ఉన్నా ముందుగా దాన్ని నిటారు చేయాలి, ఎందుకంటే తిప్పినప్పుడు అంచులు కొంత పోతాయి.

ఇప్పుడు మూలను నూరు శాతం పరిమాణంలో చూడండి. ఈ ఫోటోలో అంకెల పైఅంచు పైనుంచి 2230వ పిక్సెల్ దగ్గర ఉంది. సరిగ్గా అక్కడే కత్తిరిస్తే కింది అంచున పలచని నారింజ చార మిగిలిపోతుంది. దీపపు వెలుగు ఫిల్ములో కొద్దిగా పక్కలకు పాకడమే దీనికి కారణం. ఆ ఛాయ 2210 వరకు వ్యాపించింది కనుక 2200 దగ్గర కత్తిరించాలి. ముందు వరుసలో కూర్చున్న పిల్లవాడి కాలివేళ్లు 2160 దగ్గర ముగుస్తున్నాయి కాబట్టి వాటికి ప్రమాదం లేదు.

కింద 200 పిక్సెళ్లు మాత్రమే తీసేసి ఊరుకుంటే మరో చిక్కు వస్తుంది. 3:2 నిష్పత్తి చెదిరిన ఫోటోను 4×6 కాగితంపై ప్రింటుకిస్తే, ల్యాబ్‌లో పక్కలు తెగిపోతాయి, లేదా తెల్లని పట్టీ మిగులుతుంది. అందుకే వెడల్పును కూడా 3300కు తగ్గించాలి. అంకెలు కింది అంచుతోనే పోయాయి కనుక, ఆ 300 పిక్సెళ్లను కుడివైపే తీయాలన్న నియమం లేదు. అమ్మమ్మగారు కుడి చివర నిలబడి ఉంటే ఎడమవైపు తీయవచ్చు. జింప్ అనే ఫోటో ప్రోగ్రామ్‌లో కత్తిరింపు సాధనానికి Fixed, Aspect ratio ఎంచుకుని 3:2 అని ఇస్తే నిష్పత్తి దానంతటదే నిలుస్తుంది.

స్కాన్ జేపెగ్ రూపంలో ఉండి, కుడివైపు తీసినా ఫరవాలేదనుకుంటే, నాణ్యత ఏమాత్రం తగ్గకుండా jpegtran అనే కమాండ్‌లైన్ సాధనానికి ఈ ఆదేశమిచ్చి కత్తిరించవచ్చు. అసలు ఫైలు చెక్కుచెదరదు.

```
jpegtran -copy all -crop 3300x2200+0+0 -outfile new.jpg old.jpg
```

నిలువు ఫోటో అయితే: కెమెరాను పక్కకు తిప్పి తీసినందువల్ల అంకెలు పక్క అంచు వెంబడి పడుకుని ఉంటాయి. అప్పుడు కింది భాగాన్ని కాక ఆ పక్కనే కత్తిరించాలి. అంకెల వరుస పొడవు కంటే అంకెల ఎత్తు చాలా తక్కువ కనుక, ఆ ఎత్తు మేరకు కోస్తేనే నష్టం తక్కువ.

అంకెలు చీర అంచు మీదో, పాదాల మీదో పడితే: చీలమండల దగ్గర తెగిన ఫోటో ఎబ్బెట్టుగా ఉంటుంది. ధైర్యం చేసి మోకాళ్లకు పైన కత్తిరించడం మేలు. 600 డీపీఐ స్కాన్ నుంచి 2400×1600 పిక్సెళ్లు మిగిలినా, 300 డీపీఐలో 8 అంగుళాల వెడల్పు ప్రింటు వస్తుంది. 300 డీపీఐ స్కాన్‌లో అదే భాగం 4 అంగుళాలకే సరిపోతుంది కనుక మళ్లీ స్కాన్ చేయించండి. అంకెలు ముఖం మీదే పడితే కత్తిరింపు పనికిరాదు.

తేదీని ఏం చేయాలి: అంకెలు పోతే ఫోటో ఎప్పటిదో చెప్పే ఆధారం కూడా పోతుంది కాబట్టి, కత్తిరించిన ఫైలులో దాన్ని నమోదు చేయాలి. అయితే అది నిజమైన తేదీయో కాదో చూసుకోండి. మన ఉదాహరణలో అంకెలు '94 1 1 అంటున్నాయి, వెనుక మాత్రం బీచ్ ఒడ్డున నిలిపిన కురుసుర ఉంది. ఆ జలాంతర్గామి 2001లో నౌకాదళ సేవ నుంచి విరమించి, 2002లో ప్రదర్శనశాలగా మారింది. బ్యాటరీ అయిపోయి మార్చాక తేదీ సరిచేయని కెమెరాలలో ఇలాంటి జనవరి 1 తరచుగా పడేది. అటువంటప్పుడు అంకెలను నమోదు చేయకుండా, ఫైలు పేరులో "2002 తర్వాత" అని రాసుకోవడం సరైనది. తేదీ నమ్మదగినదైతే మాత్రం, ఉదాహరణకు అంకెలు '03 1 26 అని ఉంటే, exiftool అనే కమాండ్‌లైన్ సాధనంతో ఇలా నమోదు చేయండి:

```
exiftool "-DateTimeOriginal=2003:01:26 00:00:00" new.jpg
```