ఫ్యాక్టరీ కరెంటు రోజువారీ రిపోర్టు – 4వ పాఠం: రాత్రి లెక్క, హెచ్చరిక

గత పాఠం తర్వాత మీరు పంపిన షీట్లలో రాత్రి వినియోగం చాలామందికి మైనస్‌లో వచ్చింది. ఒకరైతే ABS పెట్టి మైనస్ గుర్తును మాయం చేశారు. అలా చేస్తే పగటి వాడకమే రాత్రి వాడకంగా కనిపిస్తుంది. అందుకే హెచ్చరిక కంటే ముందు దీన్ని తేల్చుకుందాం.

A కాలమ్‌లో తేదీ, B లో ఉదయం 6 గంటల రీడింగు, C లో రాత్రి 10 గంటల రీడింగు ఉన్నాయి. రాత్రి 10కి మొదలైన వాడకం మర్నాడు ఉదయం 6కి ముగుస్తుంది. కాబట్టి C2 ను తీసివేయాల్సింది కింది వరుసలోని B3 నుంచి, పక్కనున్న B2 నుంచి కాదు. ఆ రాత్రిని మొదలైన తేదీకే రాయండి. B3 ఇంకా ఖాళీగా ఉంటే షీటు దాన్ని సున్నా అనుకుంటుంది. కొందరికి లక్షల్లో మైనస్ వచ్చింది అందుకే.

```
D2: =IF(COUNT(C2,B3)<2,"",(B3-C2)*40)
```

40 అనేది మా ఉదాహరణలోని 200/5 సీటీకి, అంటే మీటరుకు కరెంటును తగ్గించి అందించే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్‌కు, గుణకం. మీ గుణకాన్ని బిల్లులో చూసి వేసుకోండి. కొన్ని మీటర్లు సీటీ నిష్పత్తిని కలుపుకునే చూపిస్తాయి, వాటికి మళ్లీ గుణించకూడదు.

ఒక రాత్రి చూద్దాం. 10 గంటలకు 18471.8, ఉదయం 6కు 18474.6. తేడా 2.8 అంటే 112 యూనిట్లు. షిఫ్టు లేని రాత్రుల్లో మామూలుగా 48 వస్తుంది. అదనపు 64 యూనిట్లను ఎనిమిది గంటలకు పంచితే గంటకు 8. అంటే సగటున 8 కిలోవాట్ల యంత్రమేదో తెల్లవార్లూ నడిచింది. నేనైతే ముందు ఎయిర్ కంప్రెసర్ దగ్గరకు వెళతాను. ఆపడం మరిచిపోతే పైపుల్లో గాలి కారినంతసేపూ అది లోడు తీసుకుంటూనే ఉంటుంది. ఇలాంటి రాత్రిని గత 14 రాత్రులతో పోల్చి షీటే పట్టి చూపే హెచ్చరిక సూత్రం ఇది.

```
E16: =IF(D16="","",IF(D16>1.5*MEDIAN(D2:D15),"చూడండి",""))
```

AVERAGE ఎందుకు వద్దో చెప్పాలి, ఎన్నిసార్లు చెప్పినా అదే వాడుతున్నారు. గత 14 రాత్రుల్లో ఆరు 112, మిగిలినవి 48 అనుకోండి. సగటు 75 దాటుతుంది, దానికి ఒకటిన్నర రెట్లు 113. అప్పుడు 112 వచ్చినా షీటు నోరు మెదపదు. MEDIAN మాత్రం 48 దగ్గరే నిలుస్తుంది, హద్దు 72. కానీ దానికీ పరిమితి ఉంది: ఏడు రాత్రులు చెడితే అది కూడా 80కి చేరి మౌనం వహిస్తుంది. కాబట్టి మొదటి హెచ్చరిక రాగానే కదలండి.

రాత్రి షిఫ్టు ఉన్న రోజుల రీడింగు వరుసలను తీయకుండా, వాటి D అంకెను మాత్రం వేరే షీటుకు మార్చి ఇక్కడ ఖాళీగా వదలండి. వాటిని కలిపితే ఈ సూత్రం పనికిరాదు.

అభ్యాసం: ఒక సెలవు రాత్రి మీటరు తెరపై కిలోవాట్ల అంకె చూస్తూ, ఎలక్ట్రీషియన్‌ను పక్కన పెట్టుకుని, ఫీడర్లను ఒక్కొక్కటిగా ఆపించండి. ఏది ఆపితే ఎంత తగ్గిందో రాయండి. అన్నీ కలిపి ఎనిమిది గంటలకు లెక్కగట్టి, మీ షీటులోని మామూలు రాత్రి అంకెతో పోల్చి పంపండి.