దహన లెక్కలో ఫార్ములా తేడా కొడుతోందా? సమస్య - పరిష్కారం

ఈ రకం లెక్కలు ఎన్ని దిద్దానో నాకే గుర్తు లేదు. గ్రాములను మోల్స్‌లోకి మార్చడం మీకు వచ్చనుకుని, ఒకే ఉదాహరణ పట్టుకుని నడుస్తాను. ఒక హైడ్రోకార్బన్ 0.500 గ్రాములు పూర్తిగా మండితే 1.537 గ్రాముల CO₂, 0.719 గ్రాముల H₂O వచ్చాయి. మోలార్ ద్రవ్యరాశి దాదాపు 100 అని విడిగా తెలిసింది. దాని ఫార్ములా కనుక్కోవాలి.

లక్షణం: C, H బరువులు కలిపితే నమూనా బరువు రావడం లేదు

అసలు ఆ రెండూ కలిపి చూశారా? పది మందిలో తొమ్మిది మంది చూడరు. పట్టేది అర నిమిషం.

CO₂ నుంచి కార్బన్ 0.03492 మోల్స్, అంటే 0.419 గ్రాములు. నీరు 0.03991 మోల్స్. ఒక్కో నీటి అణువులో రెండు హైడ్రోజన్లు కాబట్టి H 0.07982 మోల్స్, అంటే 0.080 గ్రాములు. మొత్తం 0.499, అంటే 0.500కి సరిపోయినట్టే.

ఆ రెండుతో గుణించడం మరిచిపోతే మొత్తం 0.460 దగ్గరే ఆగిపోతుంది. ఈ చెక్ చేయనివాళ్లకు H మోల్స్‌ను C మోల్స్‌తో భాగించిన నిష్పత్తి 1.143 వస్తుంది, దాన్ని 7తో గుణిస్తే చక్కగా C₇H₈ అవుతుంది. అది టోలుయీన్, నిజంగానే ఉన్న పదార్థం! అందుకే అనుమానం రాదు. ఇంకొందరు తగ్గిన 0.040 గ్రాములను ఆక్సిజన్ ఖాతాలో వేస్తారు. నమూనా హైడ్రోకార్బన్ అని ప్రశ్నలోనే చెప్పాక ఆక్సిజన్ ఎక్కడి నుంచి వస్తుంది? తగ్గిన బరువు సరిగ్గా మీరు రాసిన H బరువంతే ఉంటే, మరిచిపోయింది ఆ రెండే.

లక్షణం: బరువులు సరిపోయాయి, అయినా ఫార్ములా తప్పు

నన్ను బోల్తా కొట్టించింది ఇదే. పై చెక్ దీన్ని పట్టుకోలేదు, ఎందుకంటే తప్పు ఆ తర్వాత జరుగుతుంది.

0.07982ని 0.03492తో భాగిస్తే 2.286. చెయ్యి ఊరుకోదు, "రెండే కదా" అని CH₂ రాసేస్తుంది. CH₂ బరువు 14, 100ని 14తో భాగిస్తే 7.14, దాన్ని 7 అనుకుంటే C₇H₁₄. దాని మోలార్ ద్రవ్యరాశి 98, ఇచ్చిందేమో "దాదాపు 100". అంతా కుదిరినట్టే కనిపిస్తుంది. రెండుసార్లు రౌండ్ చేశాం, రెండు తప్పులూ ఒకదాన్నొకటి కప్పేశాయి.

పట్టుకునే దారి ఇది: C₇H₁₄ మండితే CO₂, నీరు సమాన మోల్స్‌లో రావాలి. మన దగ్గర నీరు 0.0399, CO₂ 0.0349. ఇంత తేడా కొలత పొరపాటుతో రాదు. నీటి మోల్స్ ఎక్కువగా ఉన్నాయంటే ఆ హైడ్రోకార్బన్ ఆల్కేన్, అంటే CₙH₂ₙ₊₂.

కాబట్టి 2.286ని అలాగే ఉంచి 2, 3, 4... తో వరుసగా గుణించండి. 3 దగ్గర 6.86 వస్తుంది, 7 అనేద్దామనిపిస్తుంది. 4 దగ్గర 9.14, అది 9లా కనిపిస్తుంది. ఆగకండి. 7 దగ్గర 16.00 వస్తుంది. అనుభావిక ఫార్ములా C₇H₁₆, బరువు 100.2, అణుఫార్ములా కూడా అదే. 4 దగ్గరే ఆగినవాళ్లకు C₄H₉ వస్తుంది. హైడ్రోకార్బన్ అణువులో H సంఖ్య బేసి కాదు కాబట్టి దాన్ని C₈H₁₈ చేస్తారు, కానీ దాని బరువు 114.

ఆల్కేన్‌కు ఇంకో సౌకర్యం ఉంది. నీటి మోల్స్‌లోంచి CO₂ మోల్స్ తీసేస్తే మిగిలేది నమూనా మోల్సే. ఇక్కడ 0.00499. 0.500ని దాంతో భాగిస్తే 100.2, మోలార్ ద్రవ్యరాశి ఇవ్వకపోయినా దొరికింది. అయితే ఇది నాజూకు లెక్క. నీటి బరువు 0.719 బదులు 0.724 అని పడితే చాలు, జవాబు 95కి జారిపోతుంది. అందుకే మోల్స్‌ను నాలుగు సార్థక అంకెల కంటే తగ్గించకండి. నిష్పత్తి 2 లేదా అంతకంటే తక్కువైతే ఈ దారి లేదు, మోలార్ ద్రవ్యరాశి విడిగా తెలియాల్సిందే.

మిగతావి

ప్రయోగం మీరే చేసి ఉంటే, నీటిని పట్టే గొట్టం ముందు, CO₂ను పట్టే పొటాషియం హైడ్రాక్సైడ్ తర్వాత ఉందో లేదో చూడండి. తారుమారైతే పొటాషియం హైడ్రాక్సైడ్ రెండిటినీ తాగేస్తుంది. C తగ్గి, H సరిగానే ఉంటే దహనం పూర్తి కాక కార్బన్ మోనాక్సైడ్ తప్పించుకుపోయి ఉండొచ్చు. కాగితం మీద ఇచ్చిన లెక్కల్లో ఇవేవీ ఉండవు, వాటి జోలికి పోకండి.