గల్ఫ్‌లో పనిచేసేవారికి ఎన్‌ఆర్‌ఈ ఖాతా: దరఖాస్తు నుంచి తిరిగి వచ్చేదాకా

జగిత్యాల నుంచో కడప నుంచో గల్ఫ్‌కు వెళ్లినవాళ్లలో చాలామంది ఊళ్లో ఉన్న పాత సేవింగ్స్ ఖాతాకే జీతం పంపుతుంటారు. ఉద్యోగం కోసం విమానం ఎక్కిన రోజు నుంచే ఫెమా చట్టం మిమ్మల్ని ప్రవాసిగా చూస్తుంది. అప్పటినుంచి ఆ పాత ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా మార్పించుకోవాలి. పొలం కౌలు, ఇంటి అద్దె లాంటి ఇక్కడి ఆదాయం అందులో పడుతుంది. అక్కడ సంపాదించి దాచుకునే డబ్బుకు వేరుగా ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరవాలి.

తేడా ఎంతో ఒక లెక్కలో చూద్దాం. ఐదు లక్షల రూపాయలను ఏడు శాతం వడ్డీకి ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తే ఏడాదికి 35,000 వస్తుంది. ఎన్‌ఆర్‌ఈలో అయితే ఆ మొత్తం మీ చేతికే వస్తుంది, ఇక్కడ పన్ను లేదు. అదే ఎన్‌ఆర్‌ఓలో అయితే బ్యాంకు 31.2 శాతం చొప్పున 10,920 రూపాయలు టీడీఎస్‌గా పట్టుకుంటుంది. ఆదాయం తక్కువైతే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు గానీ, సైట్ మీద పన్నెండు గంటలు పనిచేసే మనిషి ఏటా ఆ పని చేస్తాడనుకోవడం కష్టమే.

దరఖాస్తు బ్యాంకు వెబ్‌సైట్‌లోని ఎన్‌ఆర్‌ఐ విభాగంలో దొరుకుతుంది. పాస్‌పోర్టు, రెసిడెన్సీ వీసా లేదా అక్కడి గుర్తింపు కార్డు, అక్కడి చిరునామాకు రుజువు, పాన్, ఫోటో కావాలి. పన్ను నివాసం ఎక్కడో తెలిపే ఫాట్కా డిక్లరేషన్ మీద సంతకం కూడా ఉంటుంది. క్యాంపులో ఉండేవారి పేరున కరెంటు బిల్లు ఉండదు కాబట్టి, చిరునామాకు కంపెనీ ఇచ్చే లెటర్ సరిపోతుందేమో ముందే అడగండి. పత్రాలు పోస్టులో పంపేటప్పుడు నకళ్ల మీద భారత కాన్సులేట్, నోటరీ, లేదా భారతీయ బ్యాంకు విదేశీ శాఖ ధృవీకరణ అడుగుతారు. సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు ఒరిజినల్స్‌తో బ్రాంచికే వెళ్తే ఈ తిప్పలు ఉండవు. పాత ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా మార్చే అర్జీ కూడా అదే రోజు ఇచ్చేయండి.

ఫారంలో తొందరపడకూడని గడి ఒకటుంది: జాయింట్ హోల్డర్. ఇక్కడ ఉంటున్న భార్యను గానీ, తల్లిదండ్రులను గానీ ‘ఫార్మర్ ఆర్ సర్వైవర్’ పద్ధతిలోనే చేర్చగలరు. అంటే మీరు ఉన్నంతకాలం ఖాతా మీదే, మీ తర్వాత వారిది. ఇంటి అవసరాలకు భార్య డబ్బు తీయాలంటే ఆమె పేరున పవర్ ఆఫ్ అటార్నీ వేరుగా ఇవ్వాలి. ఇది తెలియక, పేరు చేర్చాం కదా అనుకుని, ఆసుపత్రి అవసరానికి ఆమె బ్యాంకుకు వెళ్లి వట్టి చేతులతో తిరిగొచ్చిన ఇళ్లు ఉన్నాయి.

ఖాతా తెరిచాక నెలసరి డబ్బును రెండు దారుల్లో పంపండి. దుబాయ్‌లో ఎలక్ట్రీషియన్ 1,500 దిర్హాములు పంపుతున్నాడనుకుందాం. దిర్హామ్ 23 రూపాయల లెక్కన 34,500. ఇంటి ఖర్చు 18,000 నేరుగా భార్య ఖాతాకు, మిగిలిన 16,500 తన ఎన్‌ఆర్‌ఈకి. ఎక్స్ఛేంజ్ కౌంటర్‌లో పాత ఖాతా నంబరు సేవ్ అయి ఉంటుంది, దాన్ని తీయించేయండి. ఇక్కడ ఎవరో ఇచ్చిన బాకీ డబ్బును ఎన్‌ఆర్‌ఈలో వేయకూడదు, అది ఎన్‌ఆర్‌ఓకే. డిపాజిట్ వడ్డీ పడిన నెల స్టేట్‌మెంట్ చూడండి. అందులో టీడీఎస్ వరుస కనిపించిందంటే డిపాజిట్ ఎన్‌ఆర్‌ఓ కింద తెరిచారన్నమాట. వెంటనే బ్రాంచిని అడగండి. ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ కనీసం ఏడాది ఉంచాలి, అంతకుముందే తీస్తే వడ్డీ రాదు.

కూడిన డబ్బుతో ఊళ్లో రెండెకరాలు కొనాలన్నది అందరికీ ఉండే ఆశ. ప్రవాసిగా ఉండగా ఇల్లు, ఫ్లాటు కొనవచ్చు గానీ వ్యవసాయ భూమి మీ పేరున కొనడానికి ఫెమా ఒప్పుకోదు. వారసత్వంగా వచ్చింది ఉంచుకోవచ్చు. కొనడం మాత్రం తిరిగొచ్చాకే.

ఇక శాశ్వతంగా వచ్చేశాక ఎన్‌ఆర్‌ఈని అలాగే వదిలేయకూడదు. పాస్‌పోర్టులో రాక ముద్ర ఉన్న పేజీ, వీసా రద్దు కాగితం తీసుకుని బ్యాంకుకు వెళ్లి, ఖాతాను రెసిడెంట్‌గా మార్చమని అర్జీ ఇవ్వండి. నడుస్తున్న డిపాజిట్‌ను గడువుదాకా ఉంచితే ముందు ఒప్పుకున్న వడ్డీయే ఇస్తారు, కాకపోతే తిరిగొచ్చాక వచ్చే వడ్డీకి పన్ను మినహాయింపు వర్తించదు. బ్యాంకుకు చెప్పకపోతే టీడీఎస్ పడదు, పన్ను లేదనుకుంటాం. కొన్నేళ్ల తర్వాత నోటీసు వచ్చేది అక్కడే. మళ్లీ విదేశానికి వెళ్లే ఆలోచన ఉన్నవారు ఆ డబ్బును ఆర్‌ఎఫ్‌సీ ఖాతాకు మార్చుకోవచ్చు. అది విదేశీ కరెన్సీలోనే ఉంటుంది, మళ్లీ బయటికి తీసుకెళ్లడానికి అడ్డు ఉండదు.